ఆ ఎస్ఓపీలో నువ్వెక్కడున్నావు తమ్ముడూ?

నవంబరు వచ్చిందంటే పాసవుట్ అయిన మాలాంటి వాళ్ళ ఫోన్లకి ఒకే రకం మెసేజ్ వస్తుంది. "అన్నా, ఎస్ఓపీ రాశాను. ఒక్కసారి చూసి గ్రామర్ మిస్టేక్స్ ఏమైనా ఉంటే చెప్తావా?" గ్రామర్ చూడమని అడుగుతారు. నిజానికి గ్రామర్ బాగానే ఉంటుంది. ఈ రోజుల్లో ఇంగ్లీషు తప్పుల్ని పట్టుకోవడానికి నాలాంటివాడు అక్కర్లేదు. నేను చూసేది వేరే. రెండు పేజీలు చదివాక, ఇది రాసినవాణ్ణి క్యాంటీన్లో వందమంది మధ్య గుర్తుపట్టగలనా లేదా అని చూస్తాను. పదిలో ఎనిమిది సార్లు గుర్తుపట్టలేను.

పోయిన నవంబరులో మా బ్రాంచ్ జూనియర్ ఒకడు తనది పంపాడు. ట్రిపుల్ ఈ, ఫైనల్ ఇయర్, పవర్ సిస్టమ్స్‌లో ఎంఎస్‌కి అప్లై చేస్తున్నాడు. వాడి ఊరు అనంతపురం వైపు. ఆ ఎస్ఓపీ పుణ్యాన మేమిద్దరం వారం రోజులు కొట్టుకున్నాం. దాన్ని ఉదాహరణగా రాసుకుంటానంటే వాడే సరేనన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. మంచిదే.

మొదటి పేరా ఎలా మొదలైందో మీకు చెప్పక్కర్లేదు. "ఎవర్ సిన్స్ మై చైల్డ్‌హుడ్". చిన్నప్పటి నుంచీ వాడికి విద్యుత్తు అంటే అమితమైన ఆసక్తి. ఆధునిక నాగరికతకు విద్యుత్తే వెన్నెముక. పునరుత్పాదక శక్తి రాకతో ఈ రంగం విప్లవాత్మక మార్పులకు లోనవుతోంది. ఆ మార్పులో భాగం కావాలన్నది వాడి ప్రగాఢ కోరిక. తర్వాత పేరాలో బీటెక్ నాలుగేళ్ళూ వాడికి బలమైన పునాది వేశాయి, టీమ్‌వర్క్ నేర్పాయి. ఆ తర్వాత ప్రాజెక్టు. ఆ తర్వాత యూనివర్సిటీ పేరా: ప్రపంచస్థాయి ఫ్యాకల్టీ, అత్యాధునిక ల్యాబులు, భిన్న సంస్కృతుల విద్యార్థులు. చివరగా, అవకాశమిస్తే వమ్ము చేయనన్న హామీ.

వాడికి ఫోన్ చేసి ఒక పని చేయమన్నాను. "నీ రూమ్మేట్ ఈసీఈ కదా. వాడూ రాశాడు కదా. నీ మొదటి పేజీలో పవర్ సిస్టమ్స్ అన్నచోటల్లా వీఎల్ఎస్ఐ అని పెట్టి, విద్యుత్తు అన్నచోట చిప్పులు అని పెట్టి, వాడికి చూపించు." అరగంటకి వాడే ఫోన్ చేశాడు, గొంతు కాస్త తగ్గింది. "అన్నా, వాడు ఇది నాదే కదా, నీ దగ్గరకెలా వచ్చింది అన్నాడు."

నేను చేసే మొదటి పరీక్ష ఇదే. పేరు మార్చి చూడటం. నువ్వు రాసిన వాక్యంలో నీ బ్రాంచ్ పేరో, యూనివర్సిటీ పేరో తీసి ఇంకొకటి పెట్టినా ఆ వాక్యం చెక్కుచెదరకుండా నిలబడిందంటే, ఆ వాక్యం నీ గురించి ఏమీ చెప్పట్లేదు. అది అబద్ధం అని కాదు. అందరికీ వర్తించే నిజం. చదివేవాళ్ళకి అది ఖాళీ జాగాతో సమానం. వాడి ఎస్ఓపీలో నేను లెక్కపెట్టినప్పుడు 31 వాక్యాలున్నాయి. పేరు మారిస్తే విరిగిపోయే వాక్యాలు నాలుగే, ఆ నాలుగూ ప్రాజెక్టు పేరాలోవే.

కాబట్టి ప్రాజెక్టు దగ్గరే కూర్చున్నాం. వాడు రాసింది తెలుగులో చెప్తే ఇది: "పార్టికల్ స్వార్మ్ ఆప్టిమైజేషన్ అనే అధునాతన పద్ధతితో ఐఈఈఈ 33 బస్ వ్యవస్థలో కెపాసిటర్లకు అనుకూలమైన స్థానాలు కనుగొని, విద్యుత్ నష్టాలను గణనీయంగా తగ్గించాను. ఈ ప్రాజెక్టు నాలో పరిశోధనాసక్తిని రగిలించింది."

పవర్ వైపు చదివిన వాళ్ళకి ఇది తెలిసిన కథే. ప్రతి కాలేజీలో ప్రతి ఏడూ ఒక టీమైనా ఈ ప్రాజెక్టు చేస్తుంది. మనం ఐఈఈఈ 33 బస్ అని పిలుస్తాం గానీ, అది 1989లో బారన్, వూ అనే ఇద్దరు రాసిన పేపర్లోని ఉదాహరణ. 12.66 కిలోవోల్టుల లైను, మొత్తం లోడు 3715 కిలోవాట్లు, ఏమీ చేయకముందు నష్టం సుమారు 203 కిలోవాట్లు. ఈ లెక్క తెలిసినవాడు "గణనీయంగా" అన్న మాట చూడగానే అడిగే ప్రశ్న ఒకటే: 203 నుంచి ఎంతకి? వాడిని అడిగాను. మూడు కెపాసిటర్లు పెడితే 138కి వచ్చిందట. అంటే మూడో వంతుకి కాస్త తక్కువ. బాగానే ఉంది, మిగతావాళ్ళకి వచ్చేదీ ఇంచుమించు అదే. మరి ఆ అంకె ఎందుకు రాయలేదంటే, "గణనీయంగా అంటే గొప్పగా ఉంటుంది కదన్నా" అన్నాడు.

గొప్పగా ఉండదు. విశేషణం ఎక్కడ ఉందో అక్కడ ఒక అంకెనో, ఒక సంఘటననో దాచిపెట్టామన్నమాట. నేను ఎస్ఓపీ చదివేటప్పుడు పెన్ను పట్టుకుని గణనీయం, అధునాతనం, ప్రగాఢం, లోతైన లాంటి మాటలన్నిటి కిందా గీత గీస్తాను. ప్రతి గీత పక్కనా ఎంత, ఎప్పుడు, ఎక్కడ అని రాస్తాను. జవాబున్న చోట విశేషణం తీసేసి జవాబు పెట్టాలి. జవాబు లేకపోతే వాక్యమే తీసేయాలి. వాడి రెండు పేజీలు ఈ పనితో ఒకటింపావు పేజీకి దిగాయి. వాడికి గుండె ఆగినంత పనయింది. "వర్డ్ లిమిట్ వెయ్యి ఉంది అన్నా!" లిమిట్ అంటే అంతకు మించొద్దని, అంత నింపమని కాదు కదా. ఈ జబ్బు మనకి ఎగ్జామ్ హాల్లో అడిషనల్ షీట్ల దగ్గర పట్టుకుంది, ఇంకా వదల్లేదు.

అంకె పెట్టినంత మాత్రాన పేరా వాడిది కాలేదు. అదే ప్రాజెక్టు చేసిన వాళ్ళందరికీ అవే అంకెలు వస్తాయి. అప్పుడడిగాను, "ఈ ప్రాజెక్టే ఎందుకు?"

మొదట, గైడ్ ఇచ్చారు అన్నాడు. నిజమే. చాలామందికి అంతే. సిగ్గుపడాల్సింది కాదు, ఎస్ఓపీలో రాయాల్సింది కూడా కాదు. "సరే, సార్ మూడు టాపిక్కులు ఇచ్చారంటివి కదా. మిగతా రెండూ వదిలేసి ఇది ఎందుకు తీసుకున్నావు?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఊళ్ళో కెపాసిటర్ల గొడవ చూశాను కదన్నా, అందుకు ఈ పేరు తెలుసు" అన్నాడు.

ఏం గొడవ అన్నాను. అప్పుడు మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలు ఆపలేదు.

వాళ్ళ పొలం దగ్గర 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. దాని మీద పర్మిషన్ ఉన్న బోరు మోటార్లు నాలుగు, అయిదు హార్స్‌పవర్‌వి. నడిచేవి ఆరు. త్రీ ఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక అందరూ ఆటోస్టార్టర్ పెట్టుకుని ఇంటికి పోతారు. కరెంటు రాగానే ఆరు మోటార్లూ ఒకేసారి లేస్తాయి. వీడు ఇంటర్ చదువుతున్నప్పుడు ఒకే ఎండాకాలంలో వాళ్ళ మోటారు రెండుసార్లు కాలింది. పైకి తీయడానికి, వైండింగుకి ప్రతిసారీ వేలల్లో ఖర్చు, చెట్లు ఎండటం వేరే. ఉచిత కరెంటు వాడుకునే రైతు మోటారుకి కెపాసిటర్ పెట్టుకోవాలని లైన్‌మన్ అన్నాడు. నాన్న పెట్టించాడు. మిగతా వాళ్ళు పెట్టలేదు. మోటారు మళ్ళీ కాలింది. నాన్న ఆ కెపాసిటర్ పీకి కొట్టంలో పడేశాడు, ఇప్పటికీ అక్కడే ఉంది.

"ఇది ఎస్ఓపీలో ఎందుకు లేదురా?" అన్నాను.

"అది టెక్నికల్ కాదు కదన్నా. పైగా పల్లెటూరి సంగతి. వాళ్ళేమనుకుంటారో."

నా గొడవంతా ఈ జవాబుతోనే. వాడొక్కడి జవాబు కాదిది. మన దగ్గర నిజంగా ఉన్నదాన్ని పనికిరానిదని పక్కన పెట్టి, పనికొచ్చేదని ఎవరో చెప్పినదాన్ని అరువు తెచ్చుకుని రాస్తున్నాం. కన్సల్టెన్సీ వాళ్ళ శాంపిల్, సీనియర్ ఫైలు, ఆ సీనియర్‌కి వాళ్ళ సీనియర్ ఇచ్చిన ఫైలు. "ఎవర్ సిన్స్ మై చైల్డ్‌హుడ్" ఏ బ్యాచ్‌లో పుట్టిందో గానీ, ఇంకా ముసలిదవలేదు.

ఇంతకీ అది టెక్నికల్ కాదా? లెక్క వేద్దామన్నాను. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 433 వోల్టుల వైపు ఇవ్వగలిగేది సుమారు 33 ఆంపియర్లు. అయిదు హార్స్‌పవర్ మోటారు ఒకటి ఏడున్నర ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. నాలుగు మోటార్లకి 30, సరిపోయింది. ఆరింటికి 45, సరిపోదు. అది మామూలుగా నడిచేటప్పటి లెక్క. మొదలయ్యేటప్పుడు ఇండక్షన్ మోటారు దానికి అయిదారు రెట్లు లాగుతుంది. ఆరూ ఒకేసారి లేస్తే ఆ కొద్ది క్షణాలు 200 ఆంపియర్లు దాటుతుంది. వోల్టేజీ పడిపోతుంది, మోటార్లు వేగం అందుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతసేపూ వైండింగ్ వేడెక్కుతూనే ఉంటుంది. అందుకున్నాక కూడా వోల్టేజీ తక్కువుంటే అదే నీళ్ళు తోడటానికి కరెంటు ఎక్కువ లాగుతుంది. ఆరింట్లో ఒక్క మోటారుకి కెపాసిటర్ పెడితే ఇందులో ఏదీ పెద్దగా మారదు. నాన్న కెపాసిటర్ పీకి పారేయడంలో ఆయన లెక్క ఆయనకుంది.

ఇప్పుడు వాడి ప్రాజెక్టు వైపు చూడండి. 33 బస్ ఉదాహరణలో ప్రతి బస్ దగ్గరా లోడు స్థిరమైన అంకె. మూడు ఫేజులూ సమానం. ఒకే ఒక్క క్షణం తీసిన ఫొటో అది. అందులో ఆరు మోటార్లు ఒకేసారి లేవవు, కెపాసిటర్‌ని ఎవరూ పీకి కొట్టంలో పడేయరు. అంటే వాడు కాలేజీలో సాధించిన లెక్కకీ, ఊళ్ళో కాలిపోయిన మోటారుకీ మధ్య ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీయే వాడు ఎంఎస్ చదవాల్సిన కారణం. రెండేళ్ళుగా వాడి దగ్గరే ఉంది, పేరు పెట్టలేదంతే.

నేను ఇది చెప్పలేదు. అడుగుతూ పోయాను, వాడే అన్నాడు: "మా ఫీడర్ని ఈ మోడల్లో పెట్టలేం కదన్నా." అంతే. ఆ వాక్యం రాయి అన్నాను.

వాడి కొత్త పేరా తెలుగులో ఇలా ఉంటుంది. "మా పొలం దగ్గరి 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆరు బోరు మోటార్లు నడుస్తాయి. నేను ఇంటర్ చదువుతుండగా ఒక వేసవిలో మా మోటారు రెండుసార్లు కాలింది. కెపాసిటర్ పెట్టినా ఫలితం లేకపోయింది. ఎందుకన్నది అప్పుడు తెలియదు. బీటెక్ చివరి ఏడాది 33 బస్ వ్యవస్థలో మూడు కెపాసిటర్లతో నష్టాన్ని 203 నుంచి 138 కిలోవాట్లకు తగ్గించాను. కానీ ఆ మోడల్‌లో లోడ్లు స్థిరం, ఫేజులు సమానం. ఆటోస్టార్టర్లతో అన్నీ ఒకేసారి మొదలయ్యే మా ఫీడర్ని దానితో వివరించలేకపోయాను. అసమతుల్య త్రీ ఫేజ్ లైన్లను, మోటారు లోడ్లను సమయంతో పాటు మోడల్ చేయడం నేర్చుకోవాలి."

అద్భుతమైన పేరా అని నేననను. కానీ ఇందులో పేరు మార్చి చూడండి, నిలబడదు. రూమ్మేట్‌ది కాదిది.

ఇక్కడొక మాట. ఈ పేరా రెండో డ్రాఫ్ట్‌లో వాడు ఇంకో వైపు పడ్డాడు. నాన్న కష్టం, అమ్మ నగలు తాకట్టు, ఎండిన చెట్ల కింద కన్నీళ్ళు, ఒకటిన్నర పేజీ. వ్యక్తిగత కారణం రాయమంటే మనవాళ్ళు చాలామంది దీన్నే రాస్తారు. అది అబద్ధం కాదు, చదివితే నాకూ గొంతులో ఏదో అడ్డుపడింది. కానీ ఎస్ఓపీలో చదివేవాడికి కావలసింది జాలి కాదు, నువ్వెందుకు ఈ ప్రశ్న వెంట పడ్డావన్న సంగతి. కష్టం నుంచి ప్రశ్న పుట్టిన చోటు వరకే కష్టం. మోటారు కాలింది ఒక వాక్యం, ఎందుకు కాలిందన్నది మిగతా పేరా. కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీ లాంటి చోట్ల పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ అని విడిగా అడుగుతారు. ఇంటి పరిస్థితులు, దాటివచ్చిన అడ్డంకులు రాయాల్సింది అందులో. రెండూ కలిపేస్తే రెండూ పాడవుతాయి.

ఇంకొక ప్రమాదం, ఇది మరీ చెడ్డది. ఈ కథ విన్న వాడి రూమ్మేట్ తనకీ ఒక మోటారు కావాలన్నాడు. వాళ్ళది హైదరాబాద్, అపార్ట్‌మెంట్. లిఫ్టు కాలిపోయినట్టు రాయనా అని అడిగాడట! వద్దు బాబూ. కారణం ఊళ్ళోనే ఉండక్కర్లేదు, చిన్నప్పుడే ఉండక్కర్లేదు. థర్డ్ ఇయర్ ల్యాబులో అర్థంకాని ఒక వేవ్‌ఫామ్ కావచ్చు, ఇంటర్న్‌షిప్‌లో తప్పు వచ్చిన ఒక రిపోర్టు కావచ్చు. నిజంగా జరిగినది, తర్వాత నువ్వు చేసిన ఒక నిర్ణయాన్ని మార్చినది అయితే చాలు. వాడిని పిలిచి ఏ ఎలక్టివ్ తీసుకున్నావు, ఎందుకు అని అడిగితే, టైమింగ్ ఎర్రర్ ఒకటి పది రోజులు తిప్పలు పెట్టిన కథ బయటపడింది. లిఫ్టు కంటే అది నయం.

చివరికి యూనివర్సిటీ పేరా. వాడు ముగ్గురు ప్రొఫెసర్ల పేర్లు రాశాడు, వాళ్ళ "విశిష్ట పరిశోధన" తనను ఆకర్షించిందన్నాడు. వాళ్ళలో ఎవరి పేపరైనా చదివావా అంటే, వెబ్‌సైట్‌లో రీసెర్చ్ ఇంట్రెస్ట్స్ అన్న పెట్టెలో చూశానన్నాడు. తీరా చూస్తే ఒకాయన హై వోల్టేజ్ ఇన్సులేషన్ మనిషి. పంపిణీ లైన్లతో ఆయనకి సంబంధమే లేదు. మూడు పేర్లు రాస్తే మూడు రెట్లు ఆసక్తి ఉన్నట్టు కాదు. ఒక తప్పు పేరు మిగతా పేజీ మీద కూడా అనుమానం తెస్తుంది. రెండు పేర్లు తీసేశాం. మిగిలిన ఒక్కాయన పేపరు ఒకటి వాడు రెండు రోజులు కూర్చుని చదివాడు. సగం అర్థం కాలేదట, కానీ అందులో వాడిన ఓపెన్‌డీఎస్ఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమని తెలిసి దించుకున్నాడు. తన ఊరి ఫీడర్ని అందులో గీయడం మొదలుపెట్టాడు. ఎస్ఓపీలో ఆ సంగతి కూడా ఒక వాక్యంగా చేరింది, పూర్తి కాలేదని నిజం చెబుతూనే.

ఇదంతా విని మా బ్యాచ్ వాడొకడు, "అసలు ఎస్ఓపీ ఎవడు చదువుతాడ్రా? సీజీపీఏ చూసి ఇచ్చేస్తారు" అన్నాడు. కొన్ని చోట్ల అది నిజమే కావచ్చు. వందలమందిని తీసుకునే కోర్సువర్క్ ప్రోగ్రాములకీ, థీసిస్‌కి గైడ్ దొరకాల్సిన ప్రోగ్రాములకీ తేడా ఉంటుంది. రెండో రకంలో నీ ప్రశ్న ఏమిటో తెలియకపోతే గైడ్ నిన్నెందుకు తీసుకోవాలి? మార్కులు తక్కువున్నవాడిని ఎస్ఓపీ ఒక్కటే గట్టెక్కిస్తుందని కూడా నేననను. నా పట్టుదల వేరే కారణానికి. ఎందుకు వెళ్తున్నావో రెండు పేజీల్లో రాయలేనివాడు, ఇంత అప్పు చేసి విమానం ఎక్కేముందు ఒకసారి ఆగి చూసుకోవాలి. ఆ కాగితం వాళ్ళ కంటే ముందు మనకే అవసరం. మా జూనియర్ తన లిస్టులోంచి రెండు యూనివర్సిటీలు తీసేశాడు, ఎవరూ చెప్పకుండానే. వాటిలో పంపిణీ లైన్ల మీద పనిచేసేవాళ్ళు లేరని యూనివర్సిటీ పేరా రాయబోతే తెలిసింది.

డిసెంబరులో సబ్మిట్ చేసే ముందురోజు రాత్రి ఫోన్ చేశాడు. ఎస్ఓపీలో ఉన్న అంకెలన్నీ ఇంకోసారి సరిచూసుకోమన్నాను కదా, ఇంటికి ఫోన్ చేసి నాన్నని అడిగాడట, ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటార్లు ఇప్పటికీ ఆరేనా అని. పోయిన నెల్లో పక్క పొలం ఆయన ఇంకో బోరు వేశాడట.

"ఏడు చేసేదా అన్నా?"

"నువ్వు చెప్పేది ఇంటర్ నాటి సంగతి కదా, అప్పుడెన్ని?"

"అప్పుడు ఆరే."

"మరి నడుస్తాయి అని ఎందుకుంది? నడిచేవి అని మార్చు."